నత్రజని మోసుకుపోయే వేడి

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, ఏ ఊళ్లోనైనా పాత ఇనుము కొనే యార్డులో గానీ గ్యాస్ కట్టింగ్ జరిగేచోట కాసేపు నిలబడి చూడండి. పక్కపక్కన రెండు సిలిండర్లుంటాయి. ఒకటి ఎల్పీజీ బండ. లోపల ఉన్నది మన వంటింట్లో మండే గ్యాసే. రెండోది నల్లగా, పొడుగ్గా ఉండే ఆక్సిజన్ సిలిండర్. రెండింటి నుంచీ వచ్చే పైపులు ఒకే కట్టరులోకి వెళ్తాయి. కట్టింగ్ చేసే మనిషి ముందు గ్యాస్ వాల్వు ఒక్కటే కొంచెం తిప్పి, లైటరుతో అంటిస్తాడు. కట్టరు మూతి దగ్గర పసుపుపచ్చని మంట లేస్తుంది. పొడుగ్గా, బద్ధకంగా, గాలి ఎటు వీస్తే అటు ఊగుతూ ఉంటుంది. ఆ మంటలో ఇనుప పలకను పెడితే మసి పడుతుంది తప్ప పని జరగదు.

తర్వాత అతను ఆక్సిజన్ వాల్వు మెల్లగా తిప్పుతాడు. మంట ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. పసుపు రంగు పోయి నీలమవుతుంది. సుయ్‌మనే చప్పుడు మొదలవుతుంది. నాజిల్ మూతికి అంటుకుని, వేలిగోరు కంటే పొడుగుండని కొన్ని మొనలు తెల్లగా మెరుస్తాయి. ఇప్పుడు అదే పలక అంచుకు ఆ మొనలు చూపిస్తే, కాసేపట్లోనే ఆ అంచు ఎర్రబడి నారింజ రంగుకు తిరుగుతుంది.

గ్యాస్ మారలేదు. అది గాలిలో మండినా అందులోని ఆక్సిజన్‌తోనే కలిసి మండుతుంది, సిలిండర్ నుంచి వచ్చినా అదే ఆక్సిజన్. కానీ ఎల్పీజీ గాలిలో చక్కగా, సరైన పాళ్లలో మండితే మంట వేడి సుమారు 2,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో మండితే సుమారు 2,800 డిగ్రీలు. ఈ ఎనిమిది వందల డిగ్రీలు ఎక్కణ్నుంచి వచ్చాయన్నదే ప్రశ్న.

చాలామంది చెప్పే జవాబు, ఆక్సిజన్ ఎక్కువుంటే గ్యాస్ ఎక్కువ వేడినిస్తుందని. ఇది నిజం కాదు. కిలో ఎల్పీజీ పూర్తిగా మండితే వచ్చే వేడి సుమారు 11,000 కిలోకేలరీలు. గాలిలో మండినా అంతే, ఆక్సిజన్‌లో మండినా అంతే. గ్యాస్ అణువుల్లోని కార్బన్, హైడ్రోజన్‌లు ఆక్సిజన్‌తో జతకట్టి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారినప్పుడు ఎంత శక్తి బయటపడాలో అంతే పడుతుంది. చుట్టూ ఇంకే వాయువు ఉన్నా ఆ లెక్క మారదు. సిలిండర్‌లోని ఆక్సిజన్ ఒక్క కేలరీ కూడా అదనంగా ఇవ్వదు.

వేడి మొత్తం వేరు, ఉష్ణోగ్రత వేరు. ఉష్ణోగ్రత ఎంతన్నది, ఆ మొత్తాన్ని ఎంత పదార్థం పంచుకుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది మంటలో మండినవాటిని కాదు, మండకుండా ఉండి వేడెక్కినదాన్ని.

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. 78 శాతం నత్రజని. మిగతా ఒక్క శాతంలో ఆర్గాన్ వంటివి ఉంటాయి. అంటే గాలి నుంచి ఒక ఆక్సిజన్ అణువును తీసుకోవాలంటే, దానితో పాటు నాలుగుకు కాస్త తక్కువగా నత్రజని అణువులను కూడా మంటలోకి రానివ్వక తప్పదు. నత్రజని అణువులో రెండు పరమాణువులూ మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. మంట వేడికి అది దాదాపుగా విడిపోదు, దేనితోనూ కలవదు. చల్లగా వస్తుంది, వేడెక్కి వెళ్తుంది. ఆ వేడెక్కడానికి కావలసిందంతా గ్యాస్ మండగా వచ్చిన 11,000 కిలోకేలరీల్లోంచే తీసుకుంటుంది. పదిమందికని వండిన పెళ్లి వంట పంక్తిలో పిలవని వాళ్లొచ్చి కూర్చుంటే ఎవరి విస్తట్లోనూ కడుపునిండా పడదు. గాలిలోని మంట పరిస్థితి అదే.

లెక్క వేసి చూద్దాం. కిలో ఎల్పీజీ మండడానికి సుమారు 3.6 కిలోల ఆక్సిజన్ కావాలి. మండాక మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్, 1.6 కిలోల నీటి ఆవిరి వస్తాయి. రెండూ కలిపి 4.6 కిలోలు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి వస్తే మంటలో ఉండేది ఇంతే. అదే 3.6 కిలోల ఆక్సిజన్ గాలి నుంచి రావాలంటే దానివెంట దాదాపు 12 కిలోల నత్రజని కూడా వస్తుంది. ఇప్పుడు వేడెక్కాల్సిన వాయువు 4.6 కిలోల నుంచి 16.6 కిలోలకు పెరిగింది. ఇంధనం కిలో అయితే ఊరికే వచ్చి వేడెక్కిపోయేది 12 కిలోలు! ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే సగం విషయం తెలిసినట్టే.

ఇక ఏ వాయువు ఎంత వేడి తాగుతుందో చూడాలి. అంత వేడి దగ్గర కిలో నత్రజని ఒక డిగ్రీ పెరగడానికి సగటున 0.28 కిలోకేలరీ పడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు ఇంచుమించు అంతే, నీటి ఆవిరికి దానికి రెట్టింపు. వీటిని బరువులతో హెచ్చవేస్తే, గాలిలో మండిన వాయువులన్నీ కలిసి ఒక డిగ్రీ పెరగడానికి 5.2 కిలోకేలరీలు కావాలి. అందులో నత్రజని వాటా 3.4. అంటే గ్యాస్ ఇచ్చిన వేడిలో మూడింట రెండు వంతులు నత్రజనికే పోతోంది. 11,000ను 5.2తో భాగిస్తే సుమారు 2,100 డిగ్రీలు వస్తుంది. అసలు మంట 2,000 దగ్గర ఉంటుందని ముందే చెప్పుకున్నాం. కాబట్టి లెక్క బాగానే కుదిరింది.

ఇదే పద్ధతిలో నత్రజనిని తీసేసి మళ్లీ లెక్క కడదాం. ఇప్పుడు పంచుకునేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే. ఎంత వేడెక్కితే ఈ రెండూ అంత ఎక్కువ వేడి తాగుతాయి కాబట్టి డిగ్రీకి 2.1 కిలోకేలరీలు అనుకుందాం. 11,000ను 2.1తో భాగిస్తే ఐదు వేల డిగ్రీలు దాటుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలు. కట్టరు మూతి దగ్గర దాదాపు అంత వేడి ఉండాలన్నమాట. ఉండేది 2,800 మాత్రమే. గాలి మంట విషయంలో అంత చక్కగా కుదిరిన లెక్క ఇక్కడ సగానికి సగం తప్పింది. వేడి పుట్టడం నిజం, పంచుకునే నత్రజని లేకపోవడం నిజం. మరి మిగతా వేడి ఏమైనట్టు?

ఈ చిక్కు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌లో మండించి ప్లాటినం కరిగించేవాళ్లకు ఇదే ఎదురైంది. ప్లాటినం కరగడానికి 1,768 డిగ్రీలు కావాలి. బొగ్గుల కొలిమి, తోలు తిత్తి దానికి చాలవు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆంరీ సాంత్-క్లేర్ డెవిల్, తన సహచరుడు డెబ్రేతో కలిసి సున్నపు దిమ్మెలతో చేసిన కొలిమిలో ఆక్సిజన్ మంటతో ప్లాటినాన్ని పెద్ద మొత్తంలో కరిగించాడు. మండితే వచ్చే వేడిని బట్టి లెక్క కడితే ఆ మంట వేలకు వేల డిగ్రీలుండాలి. కొలిస్తే అందులో సగం కూడా లేదు. ఇదే సమయంలో మరో సంగతి అతని ముందుంది. 1846లో ఇంగ్లండులో విలియం గ్రోవ్, బాగా కాలిన ప్లాటినం నీటి ఆవిరిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుందని చూపించాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరవుతుందని అందరికీ తెలుసు. అదే నీరు వేడికి మళ్లీ విడిపోతుందనడం అప్పటికి వింతగా ఉండేది.

డెవిల్ 1857 నుంచి దీనిమీద పనిచేసి ఈ రెంటినీ ముడిపెట్టాడు. బాగా వేడెక్కిన వాయువులో అణువులు నిలకడగా ఉండవు. కలుస్తుంటాయి, విడిపోతుంటాయి. వేడి పెరిగేకొద్దీ విడిపోయేవి ఎక్కువవుతాయి. దీనికి అతను పెట్టిన పేరు డిసోసియేషన్. మన పాఠ్యపుస్తకాల్లో విఘటనం అంటారు.

మంటలో దీని అర్థమేమిటో చూడండి. 2,000 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఏ కొద్దిగానో విడిపోతాయి. అందుకే గాలి మంటలో మన లెక్కకూ అసలుకూ తేడా నూరు డిగ్రీల పైచిలుకు మాత్రమే. 2,500 దాటాక ఆ అణువులు విరగడం జోరందుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ విరిగి కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ అవుతుంది. నీటి ఆవిరి విరిగి హైడ్రోజన్, ఆక్సిజన్, ఇంకా ఒంటరి పరమాణువులు, అరకొర అణువులు అవుతాయి. విరగడం ఊరికే జరగదు. కిలో నీటి ఆవిరిని పూర్తిగా హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టాలంటే 3,200 కిలోకేలరీలు పెట్టాలి. కిలో కార్బన్ డయాక్సైడ్‌కు 1,500. కలిసినప్పుడు ఇచ్చిన వేడినే విరిగేటప్పుడు మళ్లీ వెనక్కి తీసుకుంటాయి.

అందుకే ఆక్సిజన్ మంటకు ఒక పైకప్పు ఉంది. ఉష్ణోగ్రత పెంచాలని చూసే ప్రతి అదనపు కేలరీ, డిగ్రీలు పెంచే బదులు అణువులను విరగ్గొట్టే పనికి పోతుంది. కిలో ఎల్పీజీ ఇచ్చిన 11,000 కిలోకేలరీల లెక్క 2,800 డిగ్రీల దగ్గర తేల్చి చూస్తే, సుమారు సగం వాయువులను వేడెక్కించడానికి పోయి ఉంటుంది. మిగతా సగం విరిగిన ముక్కల్లో దాగి ఉంటుంది. మనం వెతికిన వేడి అక్కడుంది.

అది పోయిన వేడి కాదు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఆ విరిగిన ముక్కలు చల్లటి ఇనుప పలకను తాకగానే మళ్లీ కలుస్తాయి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీటి ఆవిరి అవుతాయి. కార్బన్ మోనాక్సైడ్ తన ఆక్సిజన్‌ను తాను కలుపుకుంటుంది. దాచుకున్న వేడంతా ఇనుము దగ్గరే దించుతాయి. కాబట్టి ఆక్సిజన్ మంట పనితనాన్ని 2,800 అన్న అంకెతోనే కొలిస్తే తక్కువ కొలిచినట్టే. డిగ్రీల్లో కనిపించేదాని కంటే చాలా ఎక్కువ వేడిని అది లోహానికి అందిస్తుంది.

వెల్డింగ్‌కు వాడే ఎసిటిలీన్ ఆక్సిజన్‌తో 3,100 డిగ్రీలకు పైగా పోవడానికి కారణం కూడా కొంత ఇక్కడే ఉంది. ఎసిటిలీన్ అణువు తనలోనే కొంత శక్తిని దాచుకుని ఉంటుంది. అది విరిగితేనే వేడి వస్తుంది. పైగా టార్చిలో ఎసిటిలీన్, ఆక్సిజన్ సమాన పాళ్లలో కలుస్తాయి. అది పూర్తిగా మండడానికి చాలని ఆక్సిజన్. అందువల్ల మొదటి మొన దగ్గర పుట్టేది ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. కార్బన్ మోనాక్సైడ్ ఆ వేడికి విరగదు, హైడ్రోజన్ కూడా నీటి ఆవిరంత తేలిగ్గా విడిపోదు. కాబట్టి వేడిని వెనక్కి తీసుకోవడం తక్కువ. ఫ్రాన్సులో లె షాతెలియే 1895లోనే ఈ మంట 3,000 డిగ్రీలు దాటుతుందని ప్రకటించాడు. దాన్ని చేత్తో పట్టుకునే టార్చి కొన్నేళ్లకు గానీ రాలేదు.

మళ్లీ యార్డుకు వద్దాం. ఆక్సిజన్ వాల్వు తిప్పగానే మంట పొట్టిదవడం చూశాం. అదీ నత్రజని లేకపోవడం వల్లే. మంట ఒక పొర నుంచి పక్క పొరకు పాకాలంటే, మండిన వాయువు తన వేడితో పక్కన ఉన్న మండని వాయువును అంటించాలి. మధ్యలో నత్రజని ఉంటే ఆ వేడిలో ఎక్కువ భాగం అదే తాగేస్తుంది. మంట నెమ్మదిస్తుంది. ఎల్పీజీ, గాలి కలిసిన మిశ్రమంలో మంట సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. మనం మెల్లగా నడిచినా అంతకంటే వేగమే. ఆక్సిజన్‌లో అది దాదాపు పది రెట్లు. కాబట్టి నాజిల్ నుంచి బయటికొచ్చిన గ్యాస్ కొద్ది మిల్లీమీటర్లలోనే మండిపోతుంది. మంట ఆ తెల్లటి మొనలుగా బిగుసుకుపోతుంది. అంత చిన్న చోట అంత వేడి పుట్టడం వల్లనే ఇనుము ఒక్కచోట, చుట్టూ పాకే లోపు ఎర్రబడుతుంది.

ప్రమాదం కూడా ఈ వేగంలోనే ఉంది. నాజిల్‌లోంచి గ్యాస్ బయటికొచ్చే వేగం, మంట వెనక్కి పాకే వేగం కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. నాజిల్ పలకకు తగిలి మూసుకుపోయినా, రంధ్రంలో ఇనుప పొట్టు అడ్డుపడినా, సిలిండర్‌లో ఒత్తిడి తగ్గినా గ్యాస్ వేగం పడిపోతుంది. మంట కట్టరులోకి వెళ్తుంది. ఠప్‌మని చప్పుడై ఆరిపోతే అది బ్యాక్‌ఫైర్. దాన్ని శుభ్రం చేసుకుని మళ్లీ అంటించుకోవచ్చు. ఆరిపోకుండా లోపలి నుంచి ఈలలాగా కూత వస్తూ, నాజిల్ మూతి దగ్గర నల్లటి పొగ వస్తూ, చేతిలో కట్టరు పిడి వేడెక్కుతూ ఉంటే మంట లోపలే మండుతోందని అర్థం. అప్పుడు క్షణం ఆలోచించకుండా వాల్వులు మూసెయ్యాలి. పైపుల్లోకి, అక్కణ్నుంచి సిలిండర్ దాకా పోకుండా ఆపడానికే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ అనే చిన్న పరికరం బిగిస్తారు. చిన్న యార్డుల్లో దాన్ని బిగించకుండా పని కానిచ్చేయడం చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. దాని ఖరీదు ప్రాణం ముందు లెక్కలోది కాదు.

ఇంకో అలవాటు ఇంతకంటే ప్రమాదం. చెమట పట్టిందనో, బట్టల మీద దుమ్ము పడిందనో ఆక్సిజన్ పైపుతో ఒంటిమీద ఊదుకోవడం. ఆక్సిజన్ తనకు తాను మండదు. కానీ నూలు చొక్కా పోగుల మధ్య ఉండే గాలి స్థానంలో ఆక్సిజన్ నిండితే, అక్కడ మంటను నెమ్మదింపజేసే నత్రజని ఉండదు. ఒక్క రవ్వ పడితే మామూలు చొక్కా మెల్లగా రాజుకునేది కాస్తా భగ్గుమంటుంది. నూనె, గ్రీజు చేతులతో ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను ముట్టుకోవద్దనేది కూడా ఇందుకే. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో-1 నౌకను నేల మీద పరీక్షిస్తున్నప్పుడు, లోపల ముగ్గురు వ్యోమగాములున్న గదిని స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో, బయటి వాతావరణం కంటే కాస్త ఎక్కువ ఒత్తిడితో నింపారు. మామూలు గాలిలో అంత తేలిగ్గా అంటుకోని వలలు, నురగ దిండ్లు, పట్టీలు అందులో క్షణాల్లో అంటుకున్నాయి. తలుపు తెరిచేలోపే ముగ్గురూ చనిపోయారు. ఆ తర్వాత నేల మీద ఉన్నంతసేపూ గదిలోని వాయువులో నత్రజని కలపడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. కట్టరు ఇనుమును కోసేది ఈ 2,800 డిగ్రీల మంటతోనే అనుకుంటారు. అది సగమే నిజం. మంట పని ఇనుమును సుమారు 900 డిగ్రీలకు, నారింజ ఎరుపుకు తేవడం వరకే. ఆ రంగు రాగానే అతను కట్టరు మీటను నొక్కుతాడు. నాజిల్ నడి రంధ్రం నుంచి ఒట్టి ఆక్సిజన్ ధారగా దూసుకొస్తుంది. అంత వేడిగా ఉన్న ఇనుము ఆ ఆక్సిజన్‌లో తానే మండుతుంది! కింద రవ్వల జల్లులా రాలేది చాలావరకు మండిన ఇనుమే. ఇక్కడ ఇంధనం గ్యాస్ కాదు, ఇనుము. కానీ సూత్రం అదే. ఎర్రగా కాలిన ఇనుము మీద గాలిని ఊదితే నత్రజని దాన్ని చల్లారుస్తుంది, కోత సాగదు. కోతకు వాడే ఆక్సిజన్ 99.5 శాతం స్వచ్ఛంగా ఉండాలంటారు. ఒక్క శాతం తగ్గినా కోత వేగం స్పష్టంగా పడిపోతుంది. ఎందుకంటే కోత చీలికలో ఆక్సిజన్ ఇనుముతో కలిసిపోతుంటే, కలవని ఆ కాస్త మలినమే అక్కడ పోగుపడి, కొత్త ఆక్సిజన్‌కూ ఇనుముకూ మధ్య తెరలా నిలుస్తుంది.

ఇంత సదుపాయం ఉన్నప్పుడు ప్రతి పొయ్యికీ ఆక్సిజన్ ఎందుకు వాడకూడదన్న సందేహం రావచ్చు. ఇనుప పెనం సంగతే చూడండి. ఇనుము 1,538 డిగ్రీలకు కరుగుతుంది. వంటింటి మంట దాదాపు 2,000 డిగ్రీల దాకా పోగలదు. అయినా పెనం కరగదు. వేడెక్కిన వస్తువు తన వేడిని కాంతిగా, సెగగా బయటికి పంపుతూ ఉంటుంది. 1,500 డిగ్రీల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు నుంచీ పదుల వాట్ల వేడి పోతుంది. మంటకూ వస్తువుకూ తేడా ఐదు వందల డిగ్రీలే ఉన్నప్పుడు, పోయేంత వేగంగా మంట ఇవ్వలేదు. దాంతో పెనం చాలా కిందే ఆగిపోతుంది. తేడా 1,300 డిగ్రీలైతే ఇవ్వగలదు.

కొలిమి నడిపేవాళ్లకు ఈ తేడా డబ్బు. లోపల 1,500 డిగ్రీల వేడి నిలబెట్టాల్సిన కొలిమి ఉందనుకుందాం. చిమ్నీలోకి పోయే వాయువులు కూడా కనీసం అదే వేడితో పోతాయి. గాలితో మండిస్తే, కిలో గ్యాస్‌కు పోయే 16.6 కిలోల వాయువులు తమతో సుమారు 7,500 కిలోకేలరీలు పట్టుకుపోతాయి. లోపలి సరుకుకు మిగిలేది 3,500, అంటే మూడింట ఒక వంతు. ఆక్సిజన్‌తో మండిస్తే 4.6 కిలోల వాయువులు పట్టుకుపోయేది 2,600 మాత్రమే. మిగిలేది 8,400, నాలుగింట మూడు వంతుల పైమాటే. గ్యాస్ ఒకటే, వచ్చిన వేడి ఒకటే, కానీ పనికొచ్చే వేడి రెట్టింపు దాటింది. గాజు కరిగించే కొలిమిల్లో ఆక్సిజన్ వాడకం పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. గాలితోనే నడిపే కొలిమిల్లో అయితే బయటికి పోయే వేడిని ఇటుకల్లో పట్టి, లోపలికొచ్చే గాలిని దానితో కాచి కొంత నష్టం పూడ్చుకుంటారు.

ఉక్కు తయారీలో కూడా ఇదే జరిగింది. బెస్సెమర్ కాలంలో కరిగిన ఇనుములోకి గాలి ఊదేవారు. అందులోని కార్బన్, సిలికాన్ మండి వేడినిచ్చినా, నత్రజని దాన్ని పట్టుకుపోయేది. కొంత నత్రజని ఉక్కులో కలిసి దాన్ని పెళుసుగా కూడా చేసేది. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను పైనుంచి ఊదే పద్ధతి వాడుకలోకి వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారంలోని ఎల్‌డీ కన్వర్టర్లు ఆ పద్ధతివే. నత్రజని పట్టుకుపోని ఆ వేడి ఎంత మిగులుతుందంటే, కన్వర్టర్ మరీ కాగిపోకుండా అందులో పాత ఇనుము తుక్కు వేసి కరిగిస్తారు. ఆటోనగర్‌లో కోసిన లాంటి తుక్కే. దానికి వేరే ఇంధనం అక్కర్లేదు.

అన్నం వండే పొయ్యికి మాత్రం ఈ లాభం లేదు. గిన్నె పక్కనుంచి పోయే వాయువులు అంత వేడిగా పోవు కాబట్టి నత్రజని పట్టుకుపోయేది తక్కువ. అల్యూమినియం గిన్నె 660 డిగ్రీలకే కరుగుతుంది, దానికి 2,800 డిగ్రీల మంట చూపించడం ప్రమాదం. పైగా ఆక్సిజన్ ఊరికే రాదు. గాలిని ద్రవం చేసి నత్రజనిని వేరుచేయడానికి కరెంటు ఖర్చవుతుంది. యార్డులో వాడే ఏడు ఘనమీటర్ల ఆక్సిజన్ సిలిండర్‌లో ఉండేది సుమారు తొమ్మిది కిలోలు. కిలో ఎల్పీజీకి 3.6 కిలోల చొప్పున అది రెండున్నర కిలోల గ్యాస్‌కే సరిపోతుంది. కోతకు ఊదే ధార ఖర్చు దీనికి అదనం. ఒక గ్యాస్ బండ ఖాళీ అయ్యేలోపు అక్కడ ఆక్సిజన్ సిలిండర్లు ఎన్నిసార్లు మారతాయో గమనిస్తే, గాలి నుంచి నత్రజనిని తీసేయడానికి ఎంత ఖర్చవుతుందో కళ్లకు కనిపిస్తుంది.